తలుపులకీ కిటికీలకీ వార్నిష్ ఎన్ని లీటర్లు? డబ్బా మీది అంకె ఎందుకు చాలదు

మా ఇంటి తలుపులకి మొదటిసారి వార్నిష్ వేయించినప్పుడు లెక్క నేనే వేశాను. తలుపు ఎత్తునీ వెడల్పునీ గుణించి, రెండు వైపులు కాబట్టి రెట్టింపు చేసి, మూడు పూతలకి, అంటే మూడు కోట్లకి, మూడుతో హెచ్చవేసి, డబ్బా మీద రాసిన కవరేజీతో భాగించాను. నాలుగు లీటర్లు అని తేలింది. నాలుగూ తెప్పించాను. రెండో కోటు సగం దాటిందో లేదో డబ్బా అడుగు కనిపించింది. గుణకారంలో తప్పు లేదు, భాగహారంలోనూ తప్పు లేదు. తప్పంతా నేను తీసుకున్న అంకెల్లో ఉంది. వైశాల్యం తక్కువ తీసుకున్నాను, కవరేజీ ఎక్కువ తీసుకున్నాను, మూడు కోట్లూ ఒకేలా తాగుతాయనుకున్నాను. ఈ మూడూ ఎక్కడెక్కడ ఎంతెంత ముంచాయో అదే ఇంటి కొలతలతో చూద్దాం.

తలుపులు నాలుగు. వీధి వాకిలిది పానెల్ తలుపు, ద్వారబంధంతో కలిపి మూడున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. మిగతా మూడూ గదుల చదునైన ఫ్లష్ తలుపులు, బంధంతో కలిపి ఒక్కోటి మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. నా పద్ధతిలో వాకిలి తలుపు ఒక వైపు 24.5 చదరపు అడుగులు, మిగతా మూడూ కలిపి ఒక వైపు 63. రెండు వైపులా కలిపి 175 చదరపు అడుగులు, అంటే సుమారు 16.3 చదరపు మీటర్లు. డబ్బా మీద "లీటరుకు 10–12 చదరపు మీటర్లు" అని ఉంటే 12 తీసుకున్నాను. 16.3ని మూడుతో హెచ్చవేసి 12తో భాగిస్తే నాలుగు లీటర్ల చిల్లర. అలా వచ్చాయి ఆ నాలుగు లీటర్లు.

తలుపు అంటే ఎత్తు ఇంటూ వెడల్పు కాదు

వాకిలి తలుపునే విడదీసి కొలుద్దాం. బంధం చెక్క అయిదంగుళాల లోతు, రెండున్నర అంగుళాల మందం. రెక్క కూర్చునే గాడి అరంగుళం. అప్పుడు రెక్క 38 అంగుళాల వెడల్పు, 82 అంగుళాల ఎత్తు ఉంటుంది. రెండు ముఖాలూ కలిపితే 43 చదరపు అడుగులు. రెక్క మందం ఒకటిన్నర అంగుళం, చుట్టుకొలత 240 అంగుళాలు, కాబట్టి నాలుగు అంచులకీ ఇంకో రెండున్నర చదరపు అడుగులు. పానెళ్లు నాలుగు. ఒక్కో పానెల్ చుట్టూ పలక లోపలికి దిగే మెట్టూ, వాలూ ఉంటాయి. ఆ వంపుల్లో ముప్పావు అంగుళం అదనపు పొడవు దాగి ఉందనుకుంటే, రెండు వైపులా కలిపి మూడున్నర చదరపు అడుగులు పెరుగుతాయి.

ఇంతవరకూ పెద్ద తేడా లేదు. అసలు తేడా ద్వారబంధంలో ఉంది. గోడని ఆనుకున్న వైపు తప్ప బంధం చెక్క మూడు వైపులా బయటికి కనిపిస్తుంది. రెండున్నర, అయిదు, రెండున్నర, కలిపి పదంగుళాలు. మధ్యలో గాడి ఉన్నా ఈ మొత్తం మారదు, ఎందుకంటే గాడి దగ్గర తగ్గిన కొలత గాడి లోపలి గోడల్లో తిరిగి వచ్చేస్తుంది. రెండు నిలువు కమ్మీలూ పైకమ్మీ కలిపి సుమారు 17 అడుగుల పొడవు. పదంగుళాల వెడల్పుతో అది 14 చదరపు అడుగులు. అంటే బంధం ఒక్కటే రెక్క ఒక ముఖంలో మూడింట రెండు వంతులు! మొత్తం కలిపితే 63 చదరపు అడుగులు. నేను ఈ తలుపుకి లెక్కలోకి తీసుకున్నది 49.

ప్రతి తలుపునీ ఇలా ముక్కలుగా కొలవలేం కాబట్టి కట్టడాల ఎస్టిమేట్లలో ఒక సులువు పద్ధతి ఉంది. బంధంతో సహా బయటి కొలతలతో వైశాల్యం తీసుకుని, తలుపు రకాన్ని బట్టి ఒక గుణకంతో ఒక్కో వైపునీ హెచ్చిస్తారు. వాడుకలో ఉన్న ఒక పట్టిక ప్రకారం పానెల్ తలుపుకి 1.3, ఫ్లష్ తలుపుకి 1.2, సగం పలక సగం అద్దం ఉంటే 1, పూర్తి అద్దాల తలుపుకీ కిటికీకీ 0.8, వాలు పలకల కిటికీకి 1.8. అంచులూ, బంధమూ, వంపులూ అన్నీ ఆ గుణకంలోనే ఇమిడి ఉంటాయి. మన వాకిలికి 24.5ని 1.3తో, తర్వాత రెండుతో హెచ్చిస్తే 63.7. టేపు పెట్టి ముక్కముక్కా కొలిచినదానికీ దీనికీ తేడా ఒక చదరపు అడుగు కూడా లేదు. ఇలా సరిపోయిన రోజునే నాకు ఆ గుణకాల మీద నమ్మకం కుదిరింది.

అయితే ఆ నమ్మకానికి హద్దుంది. గుణకం మామూలు బంధాన్ని ఊహించుకుంటుంది. గోడ మందమంతా ఉండే ఎనిమిదంగుళాల బంధమైనా, చెక్కడపు పని నిండుగా ఉన్న తలుపైనా చేతితో కొలవాల్సిందే. చెక్కడం ఉన్నచోట దారాన్ని ఒక అంచు నుంచి ఇంకో అంచుకి గుంతల్లోకి నొక్కుతూ పరిచి, తర్వాత తీసి సాగదీసి కొలవండి. చదునైన వెడల్పుకి అది ఎన్ని రెట్లు వస్తే రెక్క ముఖం వైశాల్యం దాదాపు అన్ని రెట్లు, అంచులూ బంధమూ దానికి విడిగా కలుపుకోవాలి. అలాగే బంధానికి పెయింటు వేసి రెక్కకి మాత్రమే పాలిష్ చేస్తుంటే ఈ గుణకం వాడకూడదు, రెక్కనే విడిగా కొలుచుకోవాలి.

ఇప్పుడు నాలుగు తలుపుల అసలు వైశాల్యం: వాకిలి 63.7, ఫ్లష్ తలుపులు మూడూ కలిపి 151, మొత్తం 215 చదరపు అడుగులు. ఒక చదరపు మీటరు అంటే 10.76 చదరపు అడుగులు కాబట్టి ఇది ఇంచుమించు 20 చదరపు మీటర్లు. నా 16.3 మీద దాదాపు నాలుగో వంతు ఎక్కువ.

కవరేజీ నిజంగా చెప్పేది మందం గురించి

డబ్బా మీద "లీటరుకు ఇన్ని చదరపు మీటర్లు" అని చూడగానే అది ఆ వార్నిష్ శక్తి అనుకుంటాం. ఎంత ఎక్కువ విస్తీర్ణం వస్తే అంత మంచి సరుకు అనుకుంటాం. నిజానికి ఆ అంకె చెప్పేది, ఒక్కో కోటూ ఎంత మందంగా పరిచారు అని. ఒక లీటరుని 10 చదరపు మీటర్ల మీద సమంగా పరిస్తే తడి పొర మందం మిల్లీమీటరులో పదో వంతు, అంటే 100 మైక్రాన్లు. ఇది ఏ ద్రవానికైనా అంతే, నీళ్లకైనా. అదే లీటరుని 12 చదరపు మీటర్లకి లాగితే తడి పొర 83 మైక్రాన్లకి పడిపోతుంది.

ఆరాక మిగిలేది ఇంకా తక్కువ. వార్నిష్‌లో ద్రావకం ఆవిరైపోయి, గట్టిపడే పదార్థం మాత్రమే చెక్క మీద నిలుస్తుంది. ఆ పదార్థం ఘనపరిమాణంలో ఎంత శాతమో తయారీదారు ఇచ్చే సాంకేతిక వివరాల పత్రంలో ఉంటుంది. 45 శాతం అనుకుందాం. అప్పుడు 10 చదరపు మీటర్ల కోటు ఆరాక 45 మైక్రాన్లు మిగుల్తుంది, 12 చదరపు మీటర్లది 37 మైక్రాన్లు. సూత్రం ఇది:

```
కవరేజీ (చ.మీ./లీ.) = ఘన శాతం × 10 ÷ ఆరిన పొర మందం (మైక్రాన్లు)
```

ఇక్కడ ఒక చిన్న ఉచ్చు ఉంది. కొన్ని పత్రాల్లో ఘన శాతం బరువు ప్రకారం ఇస్తారు, కొన్నిటిలో ఘనపరిమాణం ప్రకారం, కొన్నిటిలో రెండూ ఉంటాయి. గట్టిపడే పదార్థం ద్రావకం కంటే సాంద్రంగా ఉంటుంది కాబట్టి బరువు శాతమే పెద్దగా కనిపిస్తుంది. పై సూత్రంలో అది వేస్తే లేని కవరేజీ ఉన్నట్టు వస్తుంది. ఘనపరిమాణం శాతమే తీసుకోవాలి.

థిన్నర్ సంగతి కూడా ఈ సూత్రంతోనే తేలిపోతుంది. లీటరు వార్నిష్‌కి 100 మిల్లీలీటర్ల థిన్నర్ కలిపితే చేతిలో 1.1 లీటర్లు ఉంటుంది, అంతే తడి మందంతో 10 శాతం ఎక్కువ చోటికి వస్తుంది కూడా. కానీ 45 శాతం ఉన్న ఘనపదార్థం 41 శాతానికి దిగుతుంది. గట్టి పదార్థం గ్రాము కూడా పెరగలేదు, అదే పదార్థం పల్చబడి ఎక్కువ చోటికి సర్దుకుంది. అందుకే కొనాల్సిన లీటర్ల లెక్కలో థిన్నర్‌ని ఎప్పుడూ చేర్చకూడదు. అది వార్నిష్‌కి అదనంగా తెచ్చుకునేది. రెండు డబ్బాలుగా వచ్చే పీయూ, అంటే పాలీయురేథేన్ వార్నిష్‌లో, రెండో డబ్బాలో ఉండే హార్డెనర్ కథ వేరు. అది ఆవిరైపోదు, పొరలో భాగమైపోతుంది. కాబట్టి దాన్ని లీటర్లలో కలుపుకోవాలి. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టి "కలిపేవి" అనుకుంటే లెక్క ఏదో ఒక వైపు తప్పుతుంది.

ఇక 10–12 అన్న దానిలో ఏది తీసుకోవాలి? 12 అనేది నున్నగా ఉండి, అసలేమీ పీల్చుకోని ఉపరితలం మీద, నేర్పరి చేతిలో వచ్చేది. తలుపుకి మూలలు ఉంటాయి, గాడులుంటాయి. నేను 11 తీసుకుంటాను, అది కూడా రెండో కోటు నుంచి మాత్రమే.

మొదటి కోటు చెక్కది, తర్వాతివే తలుపువి

పచ్చి చెక్క మీద వేసే మొదటి కోటులో కొంత భాగం పొరగా నిలవదు. చెక్క రంధ్రాల్లోకి దిగిపోతుంది. ఎంత దిగుతుందో చెక్కని బట్టి, ఎమరీ పేపర్‌తో ఎంత నున్నగా రుద్దారన్నదాన్ని బట్టి మారుతుంది. రంధ్రాలు పెద్దవిగా ఉన్న చెక్క ఎక్కువ తాగుతుంది, గరుకుగా వదిలేసినది ఇంకా ఎక్కువ. అన్నిటికంటే ఎక్కువ తాగేది చెక్క అడ్డంగా తెగిన చోట, అంటే తలుపు నిలువు పట్టీల కింది చివరా, పై చివరా. చెట్టులో నీరు పైకి పాకిన సన్నని గొట్టాలు అక్కడ నోరు తెరుచుకుని ఉంటాయి. ఆ అంచులు కంటికి కనపడవని, తలుపు బిగించేశాక బ్రష్ పట్టదని చాలామంది వదిలేస్తారు. వార్నిష్ పీల్చుకున్న ఆ గొట్టాలే, వదిలేస్తే తేమని పీల్చుకుంటాయి. వానాకాలంలో తలుపు కింద ఉబ్బి నేలకి రాసుకోవడానికి ఇది ఒక కారణం. రెక్కని బిగించకముందే ఆ రెండు అంచులకీ రెండు మూడు సార్లు పట్టించాలి. లీటర్లలో అది చాలా తక్కువే, వదిలేయడానికి సాకు లేదు.

మొదటి కోటు ఎంత తాగుతుందో ఊహించే బదులు కొలవచ్చు. అదే చెక్క, అంతే నున్నగా రుద్దిన తలుపు మీద రెండు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు గీసుకోండి. వార్నిష్ పోసిన గిన్నెనీ బ్రష్‌నీ కలిపి తూకం వేయండి. ఆ చదరపు మీటరు చోటికి కోటు వేసి మళ్లీ తూయండి. 110 గ్రాములు తగ్గిందనుకుందాం. ఇలాంటి పారదర్శక వార్నిష్‌లు చాలావరకూ లీటరుకి 0.9 కిలోల దరిదాపుల్లో తూగుతాయి, సరైన అంకె వివరాల పత్రంలో ఉంటుంది. 110ని 0.9తో భాగిస్తే 122 మిల్లీలీటర్లు. అంటే లీటరుకి 8.2 చదరపు మీటర్లు. 11కి బదులు 8. మొదటి కోటులో పావు వంతు కవరేజీ చెక్కలోకి పోయిందన్న మాట.

ముందు చెక్క రంధ్రాలు మూసే సీలర్ వేస్తే ఈ దాహం సీలర్ తీరుస్తుంది, వార్నిష్ మొదటి కోటుకే 11 లెక్క వేసుకోవచ్చు. కానీ సీలర్‌కి విడిగా అదే పద్ధతిలో, తక్కువ కవరేజీతో లెక్క కట్టాలి. పాత వార్నిష్ గట్టిగా ఉండి, పైపైన రుద్ది మళ్లీ వేస్తుంటే కూడా అన్ని కోట్లకీ 11 సరిపోతుంది. పాతదంతా గీకేసి చెక్క బయటపెడితే మాత్రం మళ్లీ మొదటికే వచ్చినట్టు.

సీలర్ లేకుండా మన తలుపుల లెక్క ఇప్పుడు ఇలా తేలుతుంది. మొదటి కోటుకి 20ని 8తో భాగిస్తే 2.5 లీటర్లు. రెండు, మూడు కోట్లకి 20ని 11తో భాగిస్తే ఒక్కోటి 1.82, రెండూ కలిపి 3.64. మొత్తం 6.14. బ్రష్‌లో ఇంకిపోయేది, గిన్నెకి అంటుకునేది, నేల మీద పడేది కలిపి పది శాతం వేసుకుంటే 6.75 లీటర్లు. ఏడు తెచ్చుకోవాలి. నేను తెచ్చింది నాలుగు. వాటిలో మొదటి కోటే 2.75 తాగేసింది. మిగిలిన లీటరుం పావు, రెండు లీటర్లు కావాల్సిన రెండో కోటులో అరవై శాతం దాకా లాగి ఆగిపోయింది. ఆ రోజు తలుపు మీద చూసింది సరిగ్గా ఇదే.

స్ప్రే గన్‌తో వేస్తే ఆ పది శాతం సరిపోదు. మామూలు స్ప్రేలో సగం దాకా తలుపుని తాకకుండా గాలిలోనే పోవచ్చు, సన్నటి కమ్మీల మీద ఇంకా ఎక్కువే పోతుంది.

కిటికీలు తలుపుల లెక్కలో కలపకండి

అదే ఇంట్లో నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న అద్దాల కిటికీలు నాలుగున్నాయి. చదునుగా రెండు వైపులా లెక్కేస్తే 128 చదరపు అడుగులు. గుణకం 0.8 వేస్తే 102. అద్దం పోయాక మిగిలేది చట్రమూ పట్టీలే కదా.

ఇక్కడ మనసుకి పట్టించుకోవాల్సిన విషయం ఒకటుంది. తలుపులూ కిటికీలూ కలిపి గుణకాలు లేకుండా లెక్కేస్తే 303 చదరపు అడుగులు, గుణకాలతో 317. తేడా అయిదు శాతం కూడా లేదు! తలుపుల్లో తగ్గినది కిటికీల్లో పెరిగినదానితో సరిపోయింది. చాలామంది "మేం ఎప్పుడూ ఎత్తు ఇంటూ వెడల్పే వేస్తాం, సరిపోతూనే ఉంది" అనడానికి కారణం బహుశా ఇదే. అన్నిటికీ ఒకే వార్నిష్ వేసినంతకాలం సరిపోతుంది. కానీ ఎండావానా తగిలే కిటికీలకి బయటి వాడకానికి తయారైన వార్నిష్, గది తలుపులకి లోపలి వార్నిష్ విడివిడిగా కొంటే, ఒకటి చాలక, ఇంకోటి మిగిలిపోయి కూర్చుంటుంది.

102 చదరపు అడుగులంటే 9.5 చదరపు మీటర్లు. బయటి వార్నిష్‌ని నాలుగు కోట్లు వేద్దాం. మొదటి కోటుకి 1.2 లీటర్లు, తర్వాతి మూడిటికీ కలిపి 2.6. మొత్తం 3.8. సన్నటి పట్టీల మీద బ్రష్ అంచులు దాటి ఎక్కువ పోతుంది కాబట్టి పదికి బదులు 15 శాతం కలుపుతాను. 4.4 లీటర్లు, నాలుగున్నర అనుకోండి.

లక్క పాలిష్‌కి ఈ లెక్క ఎందుకు కుదరదు

స్పిరిట్‌లో లక్క కరిగించి గుడ్డ ఉండతో రుద్దే పాలిష్‌కి "ఎన్ని కోట్లు" అనడంలోనే అర్థం పలచబడుతుంది. లీటరు స్పిరిట్‌కి 150 గ్రాముల లక్క వేస్తే, మొత్తం ఘనపరిమాణంలో లక్క 12 శాతం మాత్రమే. 100 మైక్రాన్ల తడి పొర ఆరాక 12 మైక్రాన్లే మిగులుతుంది, గుడ్డతో రుద్దినప్పుడు అంత తడి పొర కూడా పడదు. 45 శాతం వార్నిష్ ఒక్క కోటులో ఇచ్చే మందానికి ఇక్కడ కనీసం నాలుగు సార్లు రుద్దాలి. అందువల్ల లక్క పాలిష్‌కి లీటర్లు కాకుండా లక్క బరువు లెక్కపెట్టుకోవడం మేలు. ఆరిన పొర 30 మైక్రాన్లు కావాలంటే చదరపు మీటరుకి 30 మిల్లీలీటర్ల లక్క, అంటే సుమారు 33 గ్రాములు. 20 చదరపు మీటర్ల తలుపులకి 660 గ్రాములు. స్పిరిట్ ఎంత పోసి పల్చన చేసుకున్నా ఈ బరువు మారదు. రుద్దే సార్లు మారతాయి, అంతే. చెక్క పీల్చుకునేదీ, గుడ్డలో మిగిలిపోయేదీ దీని మీద అదనం.

పని నడుస్తుండగా డబ్బా చెప్పే సంగతి

ఇంత లెక్క ముందే వేసుకుంటే ఇంకో ఉపయోగం ఉంది. ప్రతి కోటు ముగిశాక ఎంత వార్నిష్ ఖర్చయిందో రాసుకోండి. థిన్నర్ కలపకముందు ఎంత తీశారో అదే రాయాలి. మన తలుపుల మీద రెండో కోటుకి, నష్టంతో కలిపి, రెండు లీటర్లు పోవాలి. 1.2 లీటర్లే పోయిందనుకుందాం. నష్టం తీసేస్తే తలుపు మీదకి చేరింది 1.1 లీటర్లు. 20 చదరపు మీటర్ల మీద అది 55 మైక్రాన్ల తడి పొర, ఆరాక 25. కావాల్సింది 41. కోటు వేసినట్టే కనిపిస్తుంది, మెరుస్తుంది కూడా, కానీ మూడు కోట్లూ అలాగే నడిస్తే చివరికి తలుపు మీద ఉండేది రెండు కోట్లకంటే తక్కువ. అది కంటితో తెలియదు. పల్చగా వేయడం ఒక్కటే దానికి కారణం కాదు. అంచులూ, గాడులూ, బంధం లోపలి ముఖమూ వదిలేసినా ఇలాగే మిగులుతుంది. తలుపు తెరిచి బంధం గాడిలోకి పక్కనుంచి టార్చి వేస్తే వార్నిష్ లేనిచోట వెలుగు మెరవకుండా మసకగా కనిపిస్తుంది.

ఎక్కువ ఖర్చయితే దానికీ అర్థం ఉంది. రెండో కోటుకి కూడా మొదటిదానంత పోతుంటే చెక్క ఇంకా పీలుస్తూనే ఉంది, లేదా నిలువు ముఖాల మీద మందంగా పడి కిందికి జారుతోంది. అడ్డ పట్టీల కింది అంచున వేలు పెట్టి చూడండి. బొట్లు గట్టిపడి తగిలితే అది జారుడు, అక్కడ రుద్ది సమం చేశాకే మూడో కోటుకి వెళ్లాలి. బొట్లు లేకుండా, ఆరిన పలక మీద అక్కడక్కడా మచ్చలుగా మెరుపు తగ్గి ఉంటే అది పీల్చుకోవడం. ఆ చెక్కకి మొదటి రెండు కోట్లకీ 8 లెక్క వేసుకోవాలి. మన ఇంటి విషయంలో అలా జరిగి ఉంటే 6.75 లీటర్ల బదులు ఏడున్నర అయ్యేది.